డ్రిప్ రుణానికి బ్యాంకు అడిగే రాబడి లేఖ: మదనపల్లె టమాటా రైతు లెక్క

ప్రశ్న: మాది మదనపల్లె దగ్గర పల్లె. బోరు కింద రెండున్నర ఎకరాలుంది. వేసవిలో ఎకరన్నరలో కాలువల ద్వారా నీళ్లు పెట్టి టమాటా వేస్తున్నాను, మిగతా ఎకరం ఖాళీగా ఉంటుంది. వానాకాలంలో మొత్తం వేరుశనగ. ఇదే సర్వే నంబరు మీద గతంలో సబ్సిడీ డ్రిప్ తీసుకున్నాం, పైపులు పాడైపోయి రెండేళ్లయింది, మళ్లీ సబ్సిడీ పొందడానికి ఆగాల్సిన గడువు ఇంకా తీరలేదు. కొత్త డ్రిప్‌కు 1,65,000 రూపాయల కొటేషన్ వచ్చింది. పంట రుణం 60,000 ఉంది. మేనేజరు గారు "ఏడాదికి ఎంత రాబడి వస్తుందో లేఖ రాసివ్వు" అన్నారు. "60 శాతం నీరు, కరెంటు ఆదా అవుతాయి, ఏడాదికి 5 లక్షల ఆదాయం వస్తుంది" అని రాస్తే సరిపోతుందా?

సమాధానం:

సరిపోదు. నేను గ్రామీణ బ్రాంచీలలో వ్యవసాయ రుణాల దరఖాస్తులు చాలాకాలం చూశాను. 5 లక్షల ఆదాయం అని ఒక్క అంకె రాసిన లేఖను పక్కన పెట్టి, అధికారి తన లెక్క తానే వేసుకుంటాడు. ఆ లెక్క మీకు అనుకూలంగా ఉంటుందన్న నమ్మకం లేదు. బ్యాంకు తెలుసుకోవాలనుకునేది మీకు మొత్తం ఎంత వస్తుందని కాదు. డ్రిప్ వేయకపోతే ఎంత మిగులుతుంది, వేస్తే ఎంత మిగులుతుంది, ఆ తేడాలోంచి వాయిదా కట్టగలరా, ధర పడిపోయిన ఏడాది ఏం చేస్తారు అన్నవే దాని ప్రశ్నలు. లేఖ ఈ వరుసలోనే నడవాలి.

ముందుగా కరెంటు ఆదా మాట తీసేయండి. మన రాష్ట్రంలో వ్యవసాయ బోర్లకు పగటిపూట 9 గంటల ఉచిత విద్యుత్తు ఇస్తున్నారు కాబట్టి మోటారు తక్కువసేపు ఆడినంత మాత్రాన మీ చేతికి రూపాయి అదనంగా రాదు. కట్టని బిల్లును ఆదాయంగా చూపిస్తే మిగతా అంకెల మీద కూడా అనుమానం పుడుతుంది. నీటి ఆదా సంగతీ అంతే. ఆదా అయిన నీటిని ఎవరూ కొనరు. ఆ నీటితో ఇప్పుడు ఖాళీగా ఉంటున్న ఎకరం తడిస్తేనే అది డబ్బవుతుంది. కాబట్టి 60 శాతం అని రాయకుండా, మీ బోరు వేసవిలో ఎన్ని ఎకరాలు తడపగలదో లెక్క కట్టి చూపించండి.

అది కష్టమైన పని కాదు. 200 లీటర్ల డ్రమ్ము బోరు పైపు కింద పెట్టి, నిండటానికి ఎన్ని సెకన్లు పడుతుందో ఫోనులో చూసుకోవాలి. మోటారు వేసిన వెంటనే కాక, గంట ఆడిన తర్వాత కొలవాలి. అదీ ఏప్రిల్, మే నెలల్లోనే కొలవాలి, ఎందుకంటే నవంబరులో నిండుగా పోసే బోరు వేసవికి సగానికి పడిపోవచ్చు. డ్రమ్ము 90 సెకన్లలో నిండిందనుకుందాం. అంటే గంటకు 8,000 లీటర్లు. కరెంటు 9 గంటలు ఇస్తామన్నా, కోతలు పోను 7 గంటలే నమ్ముకుంటే రోజుకు 56,000 లీటర్లు. ఎకరం మీద ఒక మిల్లీమీటరు నీరు నిలబెడితే సుమారు 4,000 లీటర్లు. కాపు మీదున్న టమాటాకు ఎండాకాలంలో రోజుకు 5 మిల్లీమీటర్లు, అంటే ఎకరానికి 20,000 లీటర్లు పెట్టుకుందాం. డ్రిప్‌తో ఇది దాదాపు అంతా వేరు దగ్గరికే చేరుతుంది కాబట్టి రెండున్నర ఎకరాలకు 50,000 చాలు. కాలువల్లో అయితే దారిలోనూ మడిలోనూ ఇంకేది కలిపి ఎకరానికి 33,000 దాకా కావాలి. అదే 56,000 లీటర్లు అప్పుడు ఎకరన్నర దాటి పారవు. మీరు ఇప్పుడు ఎకరన్నరే ఎందుకు వేస్తున్నారో ఈ లెక్కే చెబుతోంది. మీ లేఖకు ఇంతకంటే గట్టి ఆధారం ఇంకోటి లేదు. మీ డ్రమ్ము 90కి బదులు 130 సెకన్లు తీసుకుంటే మాత్రం రెండున్నర ఎకరాల మాట మానేసి, ఎకరం ముప్పావుకే కొటేషన్ తీసుకోండి. వట్టిపోతున్న బోరు మీద పెద్ద డ్రిప్ వేసి అప్పు మిగుల్చుకున్నవాళ్లను చూశాను.

ఇక పాత డ్రిప్ సంగతి. ఏడేళ్ల గడువు తీరకముందే పాడైపోయిందంటే అధికారి మొదట అడిగేది "కొత్తది మాత్రం ఎన్నాళ్లుంటుంది?" అని. మీరు దాచినా సబ్సిడీ రికార్డులో అది కనిపిస్తుంది కాబట్టి లేఖలో మీరే చెప్పేయడం మంచిది. ఎలా పాడైందో చూసి చెప్పండి. పాత లేటరల్ పైపు ముక్క ఒకటి కోసి, డ్రిప్పరు ఉన్నచోట లోపల వేలితో రుద్దండి. సున్నంలాంటి తెల్లటి పొర గరగరమంటూ రాలితే అది బోరు నీటిలోని ఉప్పు పేరుకోవడం వల్ల జరిగింది, అంటే యాసిడ్ ట్రీట్‌మెంట్ చేయలేదని అర్థం. గోధుమరంగు ఇసుక, బురద కనిపిస్తే ఫిల్టరు సరిగా లేదు. అంచులు తెగి గుంటలు పడి ఉంటే ఎలుకల పని. పంట అయ్యాక పైపులు చుట్టి గడ్డివాము పక్కన పడేస్తే జరిగేది ఇదే. మూడింటికీ మందు వేరు. మీ కొటేషన్‌లో ఆ మందు ఉండాలి. ఇసుక పోసే బోరుకు హైడ్రోసైక్లోన్, దాని వెనక స్క్రీన్ ఫిల్టరు, రెండు పక్కలా ప్రెజర్ గేజ్‌లు ఉన్నాయో లేదో చూడండి. ధర తగ్గించడానికి డీలర్లు మొదట కోసేసేది వీటినే. లేటరల్ మీద ఐ.ఎస్. 13488 ముద్ర ఉండేట్టు కూడా అడగండి.

అప్పు మొత్తం గురించి ఒక మాట. 2025 జనవరి 1 నుంచి వ్యవసాయ రుణాలకు ఒక్కో రైతుకు 2 లక్షల దాకా తాకట్టు గానీ, మార్జిన్ అనే సొంత వాటా గానీ అడగకూడదని రిజర్వు బ్యాంకు పరిమితి పెంచింది. ఈ 2 లక్షలు రైతు మొత్తానికి, ఒక్కో అప్పుకు విడిగా కాదు. మీ పంట రుణం 60,000 అందులోకి వస్తుంది. కాబట్టి డ్రిప్‌కు 1,40,000 అడిగి 25,000 చేతి నుంచి పెట్టుకుంటే సరిగ్గా హద్దులో ఉంటారు. ఆ పైన ఒక్క పదివేలు అడిగినా భూమి తనఖా మాట రావచ్చు. ఇంకొకటి, సకాలంలో కడితే 4 శాతం వడ్డీ అనేది పంట రుణంలాంటి స్వల్పకాలిక రుణాలకు మాత్రమే. డ్రిప్ రుణం కొన్నేళ్ల వాయిదాల్లో తీర్చే టర్మ్ లోను కాబట్టి బ్రాంచీలో అడిగి అసలు వడ్డీ రేటుతో లెక్క వేయండి. నేను కింద 10 శాతం పట్టాను.

ధర విషయంలో టమాటా రైతుకు ఎవరూ అంత తేలిగ్గా నమ్మకం ఇవ్వరు. 2023 జూలైలో కిలో వంద దాటిన ధర కొద్ది వారాల్లోనే నేలకు దిగింది, అది మీ మేనేజరుకూ తెలుసు. అందుకని మంచి ఏడాది ధర ఎప్పుడూ రాయకండి. మీ మండీ చీటీలు మూడేళ్లవి తీసి, కమీషను, రవాణా పోను ప్రతి పంటకూ కిలోకు సగటున ఎంత చేతికొచ్చిందో కట్టండి. ఉదాహరణకు 8, 20, 12 వచ్చాయనుకుంటే, మూడింటి సగటు 13 దాటుతుంది గానీ, 20 వచ్చిన ఒక్క ఏడాదే దాన్ని పైకి లాగింది. మధ్యలో ఉన్న 12నే మామూలు ధరగా పెట్టి, చెడ్డ ఏడాదికి 8 పెట్టండి. దిగుబడి కూడా అలాగే. డీలరు కాగితంలో ఉన్న రెట్టింపు దిగుబడి వదిలేసి, ఇప్పుడు ఎకరానికి 12 టన్నులు వస్తుంటే దానికి 2 టన్నులే కలపండి. సాగు ఖర్చు రాసేముందు మీ జిల్లా సాంకేతిక కమిటీ టమాటాకు ఎకరానికి ఖరారు చేసిన స్కేల్ ఆఫ్ ఫైనాన్స్ ఎంతో బ్రాంచీలో అడగండి. మీ ఖర్చు దానికి బాగా దూరంగా ఉంటే ఎందుకో ఒక వాక్యంలో చెప్పాలి.

కింది లేఖలో దిగుబడి, ఖర్చు, ధర, పాల లెక్క అన్నీ నేను ఉదాహరణకు పెట్టినవి. మీ చీటీలు చూసుకుని మార్చుకోండి.

---

బ్రాంచి మేనేజరు గారికి,

విషయం: రెండున్నర ఎకరాలలో డ్రిప్ ఏర్పాటుకు 1,40,000 రూపాయల టర్మ్ రుణం, ఏటా వచ్చే రాబడి వివరాలు.

ఆర్యా,

మీ బ్రాంచీలో నాకు 60,000 రూపాయల పంట రుణం ఉన్నది. నా పేరున సర్వే నంబరు ...... లో రెండున్నర ఎకరాల భూమి, విద్యుత్తు సర్వీసు నంబరు ...... గల బోరు ఉన్నాయి. ఈ భూమిలో వానాకాలంలో వేరుశనగ, జనవరి నుంచి మే వరకు బోరు కింద ఎకరన్నరలో టమాటా సాగు చేస్తున్నాను.

మే నెలలో గంటసేపు మోటారు ఆడిన తర్వాత కొలువగా నా బోరు గంటకు 8,000 లీటర్ల నీరు ఇస్తున్నది. రోజుకు 7 గంటలు విద్యుత్తు లభించిందనుకున్నా 56,000 లీటర్లు వస్తుంది. కాలువల ద్వారా ఈ నీరు ఎకరన్నరకు మాత్రమే సరిపోతున్నందున వేసవిలో ఒక ఎకరం ఖాళీగా ఉంటున్నది. డ్రిప్ ద్వారా అయితే ఎండ తీవ్రంగా ఉన్న రోజులలో కూడా రెండున్నర ఎకరాలకు 50,000 లీటర్లు చాలును. కనుక ఈ పెట్టుబడి వలన నాకు కలిగే ప్రధానమైన లాభం అదనంగా ఒక ఎకరం టమాటా సాగులోకి రావడమే.

ఇదే భూమిలో గతంలో సబ్సిడీపై డ్రిప్ అమర్చుకొన్న మాట వాస్తవము. బోరు నీటిలోని ఉప్పు పేరుకొని డ్రిప్పర్లు మూసుకుపోవడం వలన, కొంత భాగం ఎలుకలు కొరకడం వలన అది పనికిరాకుండా పోయినది. ఈసారి హైడ్రోసైక్లోన్, స్క్రీన్ ఫిల్టరు కొటేషన్‌లో చేర్చితిని. యాసిడ్ ట్రీట్‌మెంట్, ఫిల్టరు శుభ్రత, పైపులు పరచడం, చుట్టి భద్రపరచడం కొరకు ఎకరానికి ఏటా 2,000 రూపాయలు ఖర్చులో చూపినాను. ఇవి కాక, లేటరల్ పైపులను ఆరేళ్లకు మార్చవలసి వస్తుందని భావించి, అందుకయ్యే సుమారు 60,000 రూపాయల కొరకు ఏటా 10,000 రూపాయలు పక్కన పెట్టగలను.

ప్రస్తుతం ఎకరానికి 12 టన్నుల దిగుబడి, 90,000 రూపాయల ఖర్చు అవుతున్నది. కమీషను, రవాణా పోను కిలోకు 12 రూపాయల చొప్పున ఎకరన్నరకు 2,16,000 రూపాయలు వచ్చి, ఖర్చు 1,35,000 పోను 81,000 రూపాయలు మిగులుతున్నది.

డ్రిప్ అమర్చిన తర్వాత నీరు పెట్టే కూలీ, కలుపు కూలీ కలిపి ఎకరానికి 6,000 రూపాయలు, ఎరువులు వెంచురీ ద్వారా ఇవ్వడం వలన 3,000 రూపాయలు తగ్గును. అదనపు దిగుబడికి కోత కూలీ 2,000 రూపాయలు, పైన చెప్పిన నిర్వహణ 2,000 రూపాయలు పెరుగును. కనుక ఎకరా ఖర్చు 85,000 రూపాయలు. దిగుబడి 14 టన్నులుగా మాత్రమే తీసుకొన్నాను. అదే 12 రూపాయల ధరకు రెండున్నర ఎకరాలకు 4,20,000 రూపాయలు వచ్చి, ఖర్చు 2,12,500 పోను 2,07,500 రూపాయలు మిగులుతుంది. అనగా ఇప్పటి మిగులు కంటే 1,26,500 రూపాయలు, పైపుల కొరకు పక్కన పెట్టే మొత్తం పోను 1,16,500 రూపాయలు ఏటా అదనంగా లభించును. వానాకాలపు వేరుశనగలో డ్రిప్ వలన మార్పు ఉండదు కనుక దానిని ఈ లెక్కలో చేర్చలేదు. విద్యుత్తు ఆదాను కూడా చేర్చలేదు.

రుణాన్ని 5 సమాన వార్షిక అసలు వాయిదాలలో, అనగా ఏటా 28,000 రూపాయల చొప్పున, వడ్డీతో సహా చెల్లించగలను. వడ్డీ 10 శాతం అయినచో మొదటి ఏడాది 42,000 రూపాయలు, చివరి ఏడాది 30,800 రూపాయలు చెల్లించవలసి ఉంటుంది. మామూలు దిగుబడి వచ్చినప్పుడు కిలోకు సుమారు 7 రూపాయల 30 పైసలు చేతికి వచ్చినా మొదటి ఏడాది వాయిదా టమాటా నుంచే తీరును.

ధర 8 రూపాయలకు, దిగుబడి 12 టన్నులకు తగ్గిన ఏడాది, కోత ఖర్చు కొంత తగ్గినందున ఖర్చు 2,07,500 రూపాయలు, రాబడి 2,40,000 రూపాయలు, మిగులు 32,500 రూపాయలు మాత్రమే ఉండును. మొదటి ఏడాదిలోనే ఇలా జరిగితే వాయిదాకు 9,500 రూపాయలు తక్కువ పడుతుంది. నాకు రెండు ఆవుల పాల వలన దాణా ఖర్చు పోను నెలకు సుమారు 4,000 రూపాయలు వచ్చుచున్నవి. తక్కువ పడిన మొత్తాన్ని అందులో నుంచి చెల్లించి, మిగిలిన పాల ఆదాయముతోను, వేరుశనగ ఆదాయముతోను ఇల్లు గడుపుకొనగలను. అటువంటి ఏడాది పైపుల కొరకు పక్కన పెట్టే మొత్తాన్ని మరుసటి ఏటికి జరుపుకొనగలను.

టమాటా కోత మార్చి చివర నుంచి మే వరకు సాగుతుంది కనుక వార్షిక వాయిదా గడువు జూన్ 15గా నిర్ణయించవలసినదిగా ప్రార్థన.

జతపరచినవి: పట్టాదారు పాసుపుస్తకం, 1-బి, అడంగల్ నకళ్లు, మూడేళ్ల మండీ చీటీలు, పాల కేంద్రం చీటీలు, డ్రిప్ కొటేషన్, బోరు నీటి కొలత వివరము.

ఇట్లు,
తమ విధేయుడు

---

ఈ లేఖలో చెడ్డ ఏడాది పేరా చూసి చాలామంది రైతులు వద్దంటారు, వాయిదాకు తక్కువ పడుతుందని మనమే చెబితే అప్పు ఇవ్వరేమోనని. నా అనుభవంలో ఆ పేరా ఉన్న లేఖే ముందు పాసవుతుంది. 8 రూపాయల లెక్క అధికారి ఎలాగూ వేస్తాడు. ఆ 9,500 ఎక్కడి నుంచి వస్తుందో కాగితం మీద లేకపోతే "తిరిగి చెల్లించే శక్తి సందేహం" అని రాసి ఊరుకుంటాడు. పాల చీటీలు జతచేసి ఉంటే అలా రాయడానికి వీలుండదు. పాల డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుంటే ఇంకా మంచిది. చేతికి తీసుకుంటున్నట్టయితే దరఖాస్తుకు కొన్ని నెలల ముందే ఖాతాకు మార్పించుకోండి.

వాయిదా తేదీ మాట చిన్నదిగా కనిపిస్తుంది గానీ, దాన్ని మీరు అడగకపోతే కంప్యూటరులో ఆర్నెల్లకో మూణ్ణెల్లకో వాయిదా పడేట్టు పెట్టేస్తారు. మార్చి 31కి పెడితే మీకు అప్పటికి మొదటి కోతలు కూడా పూర్తయి ఉండవు. జూన్ 15 అయితే ఆఖరు మండీ చీటీ చేతికొచ్చాక, వేరుశనగ విత్తనం కొనే ఖర్చు నెత్తిన పడేలోపు వాయిదా కట్టేయవచ్చు. అలాగే ఐదేళ్లకు బదులు ఏడేళ్లు ఇస్తామన్నా తీసుకోవద్దని నా సలహా. వాయిదా తేలికవుతుంది నిజమే గానీ ఆరో ఏట లేటరల్ పైపులు మార్చాల్సి వచ్చినప్పుడు పాత అప్పు ఇంకా నడుస్తూ ఉంటుంది.

పొలం చూడటానికి ఫీల్డ్ ఆఫీసరు వచ్చినప్పుడు డ్రమ్ము, బోరు పైపు దగ్గరే ఉంచి ఆయన ఎదుటే మళ్లీ కొలవండి. ఆయన రావడానికి గంట, గంటన్నర ముందే మోటారు వేసి ఉంచండి. ఆయన అడగగల ఇంకో ప్రశ్న, "వాల్వులన్నీ ఒకేసారి తెరిస్తే ప్రెజర్ ఉంటుందా?" లాంటిది. దానికి సమాధానం సిద్ధంగా ఉండాలి. గంటకు 8,000 లీటర్ల బోరుకు అంతా ఒక్కసారి తెరిస్తే చివరి సాళ్లకు నీరు చేరదు. సాళ్ల మధ్య ఒకటిన్నర మీటరు, డ్రిప్పర్ల మధ్య 40 సెంటీమీటర్లు, గంటకు 2 లీటర్ల డ్రిప్పరు అయితే అర ఎకరానికి సుమారు 6,700 లీటర్లు లాగుతుంది. అందుకని పొలాన్ని అర ఎకరం చొప్పున ఐదు వాల్వులుగా విడగొట్టి, ఒక్కోదాన్ని గంటన్నర చొప్పున తిప్పాలి. మొత్తం ఏడున్నర గంటలు, ఇచ్చే 9 గంటల కరెంటులో సరిపోతుంది. కరెంటు 7 గంటలే వచ్చిన రోజు ఆఖరి వాల్వుకు అరగంట తగ్గుతుంది, మర్నాడు దానితోనే మొదలుపెట్టి సరిచేయవచ్చు. కొటేషన్‌తోపాటు వచ్చే డిజైన్ కాగితంలో ఈ ఐదు వాల్వులు గీసి ఉన్నాయో లేదో ముందే చూసుకోండి. రెండే వాల్వులు గీసి ఉంటే డీలరు మీ బోరును చూడకుండానే కాగితం తయారు చేశాడన్నమాట, అది మార్పించాకే బ్యాంకుకు ఇవ్వండి.

నారు జనవరిలో నాటాలంటే అక్టోబరు లోపే లేఖ బ్రాంచీలో ఇవ్వండి. మంజూరు, డీలరుకు సొమ్ము విడుదల, కాలువ తవ్వకం, పైపులు వేయడం అయ్యేసరికి డిసెంబరు వస్తుంది. ఆలస్యమై ఫిబ్రవరికి జరిగితే మొదటి ఏడాది కాపు మే ఎండల్లో పడి, మీరు రాసిన 14 టన్నులు తగ్గిపోతాయి. అప్పుడు ఆ ఏడాదికి వడ్డీ మాత్రం కట్టి, అసలు వాయిదా మరుసటి జూన్ నుంచి మొదలయ్యేట్టు మంజూరు పత్రంలోనే రాయించుకోండి.